విరేచనాలకు పెరుగన్నం, మలబద్ధకానికి మజ్జిగ: రెండూ నిజమేనా?

కడుపు పాడై విరేచనాలు పట్టుకుంటే మన ఇళ్లలో ముందు పెట్టేది పెరుగన్నం. "కట్టేస్తుంది, తిను" అంటారు. అదే ఇంట్లో ఇంకెవరైనా నాలుగు రోజులుగా సాఫీగా అవడం లేదంటే ఇచ్చే సలహా "మజ్జిగ బాగా తాగు, కదులుతుంది". ఒకే పదార్థం ఒకరికి కట్టేయాలి, ఇంకొకరికి వదులు చేయాలి. ఈ రెండు మాటలకూ పొంతన ఎక్కడుందని అడిగినవాళ్లు నాకు పెద్దగా తారసపడలేదు. నేను ఆసుపత్రిలో డైటీషియన్‌ని. మలబద్ధకంతో వచ్చేవాళ్లలో చాలామంది కూర్చోగానే చెప్పే మొదటి మాట, "రోజూ పెరుగు తింటూనే ఉన్నానండీ, అయినా ఇలా ఎందుకు?"

ముందే నా అభిప్రాయం చెప్పేస్తాను. ఇంట్లో తోడేసిన పెరుగు, అందులోంచి చేసిన మజ్జిగ మలబద్ధకాన్ని తగ్గిస్తాయని చెప్పగలిగే పరిశోధన ఆధారం లేదు. కొన్ని ప్రత్యేకమైన బ్యాక్టీరియా రకాలకు కొంత ఆధారం ఉంది, అదీ చిన్న మేలే. పెరుగు మంచి ఆహారమే, మానేయక్కర్లేదు. కానీ దాన్ని మందు అనుకోవడం వల్ల అసలు చేయాల్సిన పని వెనకబడిపోతోంది. నా గొడవంతా అక్కడే.

మొదట ఆ పొంతన సంగతి చూద్దాం, ఎందుకంటే దాని వెనక నిజంగానే ఒక కారణం ఉంది. పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. దాన్ని అరిగించే ఎంజైము చాలామందికి చిన్నతనం దాటాక తగ్గిపోతుంది. 1981లో వచ్చిన ఒక భారతీయ పరిశోధనలో, పరీక్షించిన దక్షిణాది వారిలో సుమారు మూడింట రెండు వంతుల మందికి లాక్టోజ్ సరిగా అరగడం లేదని తేలింది. ఉత్తరాది వారిలో అది పావు వంతు కంటే కాస్త ఎక్కువ. అరగని లాక్టోజ్ పెద్దపేగులోకి వెళ్లి నీటిని లాగుతుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడితే గ్యాస్ పుడుతుంది. మలం కాస్త మెత్తబడుతుంది. "రాత్రి పడుకునే ముందు గ్లాసుడు పాలు తాగితే పొద్దున్నే అవుతుంది" అనే మాటలో కొందరి విషయంలో నిజం ఉండేది ఇందువల్లే. డాక్టర్లు మలబద్ధకానికి రాసే లాక్టులోజ్ సిరప్‌ను తయారుచేసేదీ లాక్టోజ్ నుంచే, అది పనిచేసేదీ ఈ పద్ధతిలోనే.

పెరుగులో జరిగేది దీనికి వ్యతిరేకం. తోడు వేసిన పాలలో బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను తినేసి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది. మిగిలినదాన్ని అరిగించడానికి ఆ బ్యాక్టీరియాలో ఉన్న ఎంజైమే మన చిన్నపేగులో పనికొస్తుంది. అందుకే పాలు పడనివాళ్లకు పెరుగు పడుతుంది, విరేచనాలప్పుడు పాలు మానిపించి పెరుగన్నం పెడితే కడుపు కుదురుకుంటుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ ఆరోగ్య ప్రకటనల విషయంలో ఎంత కఠినంగా ఉంటుందంటే, "ప్రోబయోటిక్" పేరుతో కంపెనీలు పంపిన ప్రకటనలను వరసపెట్టి తిరస్కరించింది. 2010లో అది ఒప్పుకున్న ప్రకటన మాత్రం ఇదే: యోగర్ట్‌లోని బతికున్న బ్యాక్టీరియా లాక్టోజ్ అరుగుదలకు సాయపడుతుంది, గ్రాముకు కనీసం 10 కోట్లు ఉండాలి. ఇప్పుడు ఆలోచించండి. లాక్టోజ్ బాగా అరిగితే పెద్దపేగులోకి నీరు లాగేది తగ్గుతుంది. పాలకు ఉన్న ఆ కాస్త విరేచన గుణాన్ని పెరుగు తగ్గిస్తుందే తప్ప పెంచదు. ఆయుర్వేదంలోనూ తక్రాన్ని, అంటే మజ్జిగను, గ్రాహి అనే చెప్పారు, అంటే పట్టి ఉంచేది, కట్టేది. "మలబద్ధకానికి మజ్జిగే మందని ఆయుర్వేదం ఎప్పుడో చెప్పింది" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు రాసినవాళ్లు ఆ సంగతి చూసుకోలేదు.

"మరి పెరుగు ప్రోబయోటిక్ కదా?" అనేది తర్వాతి ప్రశ్న. ఇక్కడే పెద్ద గందరగోళం ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 2001లో ఇచ్చిన నిర్వచనం ప్రకారం, తగిన మోతాదులో తీసుకుంటే ఆరోగ్యానికి మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులే ప్రోబయోటిక్‌లు. ఏ జీవి, ఎంత మోతాదు, ఏ మేలు అని మనుషుల మీద చూపించాలి. మన ఇంటి పెరుగులో ఈ మూడూ తెలియవు. నిన్నటి తోడు నేటి పాలలో వేస్తాం, రేపటికి అందులోంచే మళ్లీ తోడు తీస్తాం. ఎండాకాలం నాలుగు గంటల్లో తోడుకుంటుంది, శీతాకాలం రాత్రంతా పడుతుంది. పక్కింటి నుంచి తోడు తెచ్చుకుంటే బ్యాక్టీరియా మిశ్రమమే మారిపోతుంది. మా ఇంటి పెరుగు, మీ ఇంటి పెరుగు రెండు వేర్వేరు సమూహాలు. అందులో మామూలుగా పెరిగే రకాలన్నీ పొట్టలోని ఆమ్లాన్ని దాటుకుని పెద్దపేగు దాకా సజీవంగా చేరవు. మలబద్ధకం మీద ఎక్కువగా పరీక్షించిన బైఫిడోబ్యాక్టీరియా కుటుంబం మామూలు తోడులో ఉంటుందని అనుకోవడానికి లేదు.

ఇక "ప్రోబయోటిక్ ఆహారం" అని చెప్పుకునే మన వంటలు. ఇడ్లీ, దోసెల పిండి బాగా పులుస్తుంది, నిజమే. కానీ ఆవిరి మీదో పెనం మీదో పెట్టాక అందులో బ్యాక్టీరియా బతకదు. మజ్జిగ పులుసు మరిగిస్తాం. ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలవుండే అట్టపెట్టె మజ్జిగను వేడి చేసే నింపుతారు. చద్దన్నం, తరవాణి, విడిగా తినే పెరుగు, చల్ల మజ్జిగ మాత్రం బతికున్న బ్యాక్టీరియాతోనే లోపలికి వెళ్తాయి. బతికుండటం వేరు, మలబద్ధకాన్ని తగ్గించడం వేరు.

ఇప్పుడు పరీక్షల సంగతి. ఎక్కువ చర్చ జరిగింది బైఫిడోబ్యాక్టీరియం లాక్టిస్ అనే రకం మీద. దానిలో ఒక స్ట్రెయిన్‌ను, అంటే ఆ జాతిలోనే ఒక ఉపరకాన్ని, కలిపి డానోన్ కంపెనీ యాక్టివియా అనే యోగర్ట్ అమ్మింది. రోజుకొక కప్పు తింటే మలవిసర్జన సవ్యంగా అవుతుందని అమెరికాలో ప్రకటనలు వేసింది. 2010 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ ప్రకటనలు ఆపించింది. రోజుకు మూడు సార్లు తినాలని చెప్తే తప్ప ఆ మాట అనకూడదని షరతు పెట్టింది. 39 రాష్ట్రాలతో కుదిరిన రాజీలో కంపెనీ 2.1 కోట్ల డాలర్లు కట్టింది. నాకు ఈ కేసులో ఆసక్తిగా అనిపించేది డబ్బు కాదు, ఆ "మూడు సార్లు" అనే మాట. పరీక్షలో వాడిన మోతాదు ఒకటి, ప్రకటనలో చెప్పింది ఇంకొకటి. మన దగ్గర ప్రోబయోటిక్ డ్రింకుల ప్రకటనలు చూసినప్పుడల్లా నేను ముందు వెతికేది ఆ మోతాదు కోసమే.

అదే స్ట్రెయిన్‌ను నెదర్లాండ్స్, పోలండ్ దేశాల్లో మలబద్ధకం ఉన్న 159 మంది పిల్లల మీద పరీక్షించారు. 2011లో ఫలితాలు వచ్చాయి. సగం మందికి ఆ బ్యాక్టీరియా ఉన్న పులిసిన పాల పదార్థం, మిగతా సగానికి అది లేని పాల పదార్థం మూడు వారాలు ఇచ్చారు. బ్యాక్టీరియా తిన్న పిల్లల్లో వారానికి విసర్జనలు సగటున 2.9 పెరిగాయి. తినని పిల్లల్లో 2.6 పెరిగాయి. ఆ తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చు, అంటే బ్యాక్టీరియా వల్లే అని చెప్పలేం. ఇందులో రెండో అంకెను గట్టిగా పట్టుకోండి. ఏ బ్యాక్టీరియా లేకుండానే అంత మెరుగుదల. మలబద్ధకం ఒక్క స్థాయిలో ఉండదు, ఎక్కువైనప్పుడే మనం ఏదో ఒకటి మొదలుపెడతాం, అది దానంతట తగ్గినా ఆ కొత్తదానికే పేరొస్తుంది. పైగా పరీక్షలో చేరిన పిల్లల్ని తల్లిదండ్రులు మరింత శ్రద్ధగా చూసుకుంటారు. "మజ్జిగ మొదలుపెట్టాక తగ్గింది" అని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు తగ్గింది. మజ్జిగ వల్లే తగ్గిందా అన్నది మాత్రం పోల్చి చూసేందుకు రెండో గుంపు లేకుండా తెలియదు.

పెద్దవాళ్ల విషయంలో ఫలితాలు కొంచెం మెరుగు. లండన్‌లోని కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2014లో 14 ట్రయల్స్‌ను కలిపి లెక్కవేశారు. సుమారు 1200 మంది. ప్రోబయోటిక్ తీసుకున్నవాళ్లకు వారానికి సగటున 1.3 విసర్జనలు పెరిగాయి, తిన్నది పేగుల్లోంచి బయటికి రావడానికి పట్టే సమయం 12 గంటలకు పైగా తగ్గింది. అయితే ఈ మేలు అన్ని రకాలకూ రాలేదు. బైఫిడోబ్యాక్టీరియం లాక్టిస్‌కు వచ్చింది, యాకుల్ట్ అనే ప్రోబయోటిక్ డ్రింకులో ఉండే షిరోటా స్ట్రెయిన్‌కు విసర్జనల సంఖ్యలో రాలేదు. ట్రయల్స్ ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయనీ, జాగ్రత్తగా చూడాలనీ ఆ పరిశోధకులే రాశారు. తర్వాత వాళ్లే 75 మంది పెద్దవాళ్లతో బైఫిడోబ్యాక్టీరియం లాక్టిస్‌లో మరో స్ట్రెయిన్‌ను నాలుగు వారాలు పరీక్షించి 2019లో ప్రచురించారు. ఈసారి పేగుల్లో ప్రయాణ సమయంలో గానీ లక్షణాల్లో గానీ ఉత్తుత్తి మందుకూ దానికీ తేడా కనబడలేదు. ఒకే జాతి, వేరే స్ట్రెయిన్, వేరే ఫలితం. స్ట్రెయిన్ నంబరు మారితేనే ఇలా ఉంటే, ఏ రకమో తెలియని గిన్నె పెరుగు గురించి ధీమాగా ఎలా చెప్తాం?

ఒక రిటైర్డ్ మాస్టారి సంగతి చెప్తాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఆయనకు అరవై ఏడేళ్లు. మోకాళ్ల నొప్పులతో నడక తగ్గింది. నొప్పికి ట్రమడాల్ కలిసిన మాత్ర, ఎముకలకు కాల్షియం మాత్ర వాడుతున్నారు. మలబద్ధకం మొదలయ్యాక ఎవరో పంపిన వీడియో చూసి పొద్దున ఉప్మా మాని చద్దన్నం మొదలుపెట్టారు, రోజంతా మజ్జిగ. "ఏమ్మా, లీటరు మజ్జిగ తాగుతున్నా. ఇంకా ఎంత తాగమంటావు?" అని కోపంగానే అడిగారు.

ఆయన తినేదంతా కాగితం మీద రాశాం. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, పప్పు, రెండు గరిటెల బీరకాయ కూర, పెరుగన్నం, రాత్రి మజ్జిగన్నం. బియ్యం రోజు మొత్తానికి 240 గ్రాముల దాకా. తెల్ల బియ్యంలో పీచు వంద గ్రాములకు మూడు గ్రాములకు లోపే, అంటే ఏడు గ్రాములు కూడా రాదు. కందిపప్పు నుంచి రెండు గ్రాముల పైన, కూర నుంచి ఒకటిన్నర. మొత్తం పది, పదకొండు గ్రాములు. పెద్దవాళ్లకు కావాల్సింది కనీసం 25 గ్రాములు. లీటరు మజ్జిగ నుంచి వచ్చిన పీచు సున్నా. పాలలో పీచు ఉండదు, పెరుగులోనూ ఉండదు. ఆయన పళ్లెంలో మజ్జిగ చేసిన నష్టం కూడా ఒకటుంది. రాత్రి మజ్జిగన్నంతో సరిపెట్టడం వల్ల ఆ పూట కూరే లేకుండా పోయింది. కడుపు నిండుతుంది, పీచు పడదు.

మాత్రల సంగతి నేను మార్చేది కాదు కాబట్టి డాక్టరు గారికి రాశాను. ట్రమడాల్ పేగుల కదలికను మందగింపజేస్తుంది, కాల్షియం మాత్రలు కొందరికి మలాన్ని గట్టిపరుస్తాయి. డాక్టరు గారు నొప్పి మాత్ర మార్చారు. తిండిలో రాత్రి అన్నం బదులు రెండు గోధుమ పుల్కాలు పెట్టాం, ఆరు గ్రాముల పీచు. బీరకాయ స్థానంలో ఎక్కువ రోజులు గోరుచిక్కుడు, చిక్కుడు, కూర పరిమాణం రెట్టింపు. సాయంత్రం ఒక జామకాయ, ఐదు గ్రాములకు పైనే. మజ్జిగ మానమనలేదు, మధ్యాహ్నం తర్వాత ఒక గ్లాసు చాలన్నాను.

దీనికి తోడు ఇసబ్‌గోల్. మలబద్ధకంలో పీచు పదార్థాల మీద జరిగిన ట్రయల్స్‌లో బాగా నిలబడింది ఇదే. రోజుకు పది గ్రాములు దాటాలి, కనీసం నాలుగు వారాలు వాడాలి అని సమీక్షలు చెప్తున్నాయి. ఒక టేబుల్ స్పూను పొట్టు సుమారు ఐదు గ్రాములు. మొదటి వారం రాత్రి ఒక స్పూను, తర్వాత పొద్దున ఇంకొకటి. పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి చిక్కబడకముందే తాగెయ్యాలి, వెంటనే ఇంకో గ్లాసు నీళ్లు. తాగి వెంటనే పడుకోకూడదు. మింగడంలో ఇబ్బంది ఉన్నవాళ్లు వాడకూడదు. వేరే మాత్రలకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. మొదటి వారం కాస్త ఉబ్బరంగా ఉంటుంది, చాలామంది అక్కడే ఆపేస్తారు.

ఇసబ్‌గోల్‌ను పెరుగులో కలిపి తినమని విరేచనాలకూ చెప్తారు, నీళ్లలో మలబద్ధకానికీ చెప్తారు. ఇక్కడ మాత్రం రెండూ సరే. అది నీటిని పట్టుకుని జెల్ అవుతుంది. పలచటి మలంలోని నీటిని పీల్చి చిక్కబరుస్తుంది, గట్టి మలంలోకి నీటిని మోసుకెళ్లి మెత్తబరుస్తుంది. గట్టి పెరుగులో కలిపి, పైన నీళ్లు తాగకుండా తిన్న మలబద్ధకం రోగికి ఇంకా బిగుసుకుపోయిన సందర్భాలు చూశాను. "పెరుగు మంచిదే కదా, ఇసబ్‌గోల్ మంచిదే కదా, రెండూ కలిపితే ఇంకా మంచిది కదా" అనుకున్నారు పాపం.

మాస్టారికి కుదురుకోవడానికి నెల పైనే పట్టింది. వెస్ట్రన్ కమోడ్ ముందు కాళ్ల కింద చిన్న పీట వేసుకోమన్నాను, టిఫిన్ అయిన అరగంటకు, వచ్చినా రాకపోయినా వెళ్లి కూర్చోమన్నాను. తిన్న తర్వాత పెద్దపేగు కదిలే సమయం అది. ఇప్పుడు బాగానే ఉన్నారు. అడిగితే మాత్రం "చద్దన్నం, మజ్జిగ పనిచేశాయి, కాస్త ఆలస్యంగా" అంటారు. నేను వాదించలేదు.

పీచు పెంచినా పనిచేయనివాళ్లు ఉంటారు. మలం మెత్తగానే ఉన్నా ముక్కాల్సి రావడం, అడ్డం పడినట్టుండటం, ఇంకా మిగిలిపోయిందనిపించడం ఉంటే సమస్య మలద్వారం దగ్గర కండరాలు సరిగా వదులవకపోవడం కావచ్చు. వాళ్లకు పీచు ఇంకా పెంచితే అవస్థ పెరుగుతుంది. గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవాలి. అమెరికాలోని రెండు జీర్ణకోశ వైద్య సంఘాలు కలిసి 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, పీచు సరిపోనివాళ్లకు పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే విరేచనకారి పొడిని బలంగా సిఫారసు చేశాయి. "అలవాటైపోతుందేమో" అని దాన్ని భయపడి, నెలకు దానికంటే ఎక్కువ ఖర్చయ్యే ప్రోబయోటిక్ క్యాప్స్యూళ్లు కొనేవాళ్లను చూస్తే నాకు చిరాకేస్తుంది.

చిన్నపిల్లల విషయంలో ఒక మాట. పెరుగు పెంచడం కంటే ముందు పాలు ఎంత తాగుతున్నారో చూడండి. 1998లో వచ్చిన ఒక ఇటాలియన్ పరిశోధనలో మందులకు లొంగని మలబద్ధకం ఉన్న 65 మంది పిల్లలకు ఆవు పాలు మాన్పించి సోయా పాలు ఇస్తే 44 మందికి తగ్గింది. వాళ్లు ప్రత్యేకంగా ఎంపిక చేసిన పిల్లలు, కాబట్టి అందరికీ పాలు మాన్పించాలని కాదు. కానీ రోజుకు నాలుగు గ్లాసుల పాలు తాగి అన్నం ముట్టని పిల్లాడికి పాలు తగ్గిస్తే తిండి దానంతట అదే పెరుగుతుంది. పాలు పూర్తిగా మాన్పించాలంటే పిల్లల డాక్టరుతో మాట్లాడే చేయాలి.

ఇంత చెప్పినా ప్రోబయోటిక్ ఒకసారి వాడి చూస్తానంటే నేను వద్దనను. ఆరోగ్యవంతులకు సాధారణంగా ప్రమాదం లేదు. కీమోథెరపీలో ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. లేబుల్ మీద జాతి పేరుతో పాటు స్ట్రెయిన్ అక్షరాలు, అంకెలు ఉన్నాయా చూడండి. "లాక్టోబాసిల్లస్" అని మాత్రమే ఉంటే వదిలేయండి. మన ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం రోజు మోతాదులో కనీసం 10 కోట్ల బతికున్న జీవులు ఉండాలి, ఆ సంఖ్య గడువు తేదీ దాకా వర్తిస్తుందా అన్నదీ చదవండి. మొదలుపెట్టే ముందు రెండు వారాలు ఎన్నిసార్లు అయింది, మలం ఉండలుగా ఉందా మెత్తగా ఉందా రాసుకోండి. తర్వాత నాలుగు వారాలు ఇంకేమీ మార్చకుండా అదొక్కటే వాడుతూ రాయండి. వారానికి ఒక్కసారైనా పెరగకపోతే, ఉండలు మెత్తబడకపోతే ఆపేయండి. ఈలోగా మలంలో రక్తం పడినా, బరువు తగ్గినా, యాభై దాటాక కొత్తగా మలబద్ధకం మొదలైనా ఆ నాలుగు వారాలు ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.